తేజస్విని రెండు వాక్యాలు

జనగామ దగ్గర రోడ్డు పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో నేను పాఠాలు చెప్తాను. మా దగ్గర చదువు సంగతి ఎలా ఉన్నా, ప్లేస్‌మెంట్ సెల్ గదికి మాత్రం ఏసీ ఉంది. అందులో మహిపాల్ సారు కూర్చుంటాడు. ఆయన చైర్మన్ గారికి మేనబావమరిది. ఆ ఉద్యోగానికి ఆయనకున్న అర్హత గురించి ఇంతకు మించి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పిల్లలకు కొలువులు పెట్టించడానికి మహిపాల్ సారు కనిపెట్టిన మార్గం ఒక్కటే. మా కాలేజీలో చదివి హైదరాబాద్ కంపెనీల్లో చేరిన పాత విద్యార్థుల మెయిల్ అడ్రసులు సంపాదించడం, ఒక నమూనా ఉత్తరం తయారుచేయడం, దాన్ని చదువైపోయి కొలువు కోసం చూస్తున్న పిల్లల వాట్సాప్ గ్రూపులో పడేయడం. 'నేను అంకితభావం, నాయకత్వ లక్షణాలు, బృందస్ఫూర్తి కలిగిన యువ ఇంజనీరును' అని మొదలయ్యే ఆ ఉత్తరాన్ని మా పిల్లలు పేరు మార్చి పంపుతారు. కొందరు ఆ పేరు కూడా మార్చరు. ఒకే కాలేజీ నుంచి ఒకే వారంలో అంతమంది నాయకులు బయల్దేరితే దేశం ఏమైపోవాలో మహిపాల్ సారు ఆలోచించలేదు.

ఆ ఉత్తరాలు ఎక్కువగా అందుకునే అభాగ్యుడు నా క్లాస్‌మేట్ రాజేశ్. భూపాలపల్లి వాడు. వాళ్ల నాన్న సింగరేణి బొగ్గు బావిలో పనిచేశాడు. వీడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీముకు పెద్ద. వాళ్ల కంపెనీలో ఖాళీలు పడితే ఉద్యోగులు తమకు తగినవాళ్లనిపించిన వాళ్ల పేర్లు లోపలి పోర్టల్‌లో ఇవ్వొచ్చు. అదే రెఫరల్. దాంతో కొలువు రాదు. మన రెజ్యూమెను ఒక మనిషి తెరిచి చూస్తాడు, అంతే. కానీ వేలమంది రెజ్యూమెలు ఎవరూ తెరవకుండానే కుళ్లిపోయే చోట ఆ 'అంతే' అనేది చాలా పెద్ద విషయం.

తేజస్విని నా దగ్గరికి వచ్చింది దాని కోసమే.

ఆమెది కొడకండ్ల. తండ్రి గట్టయ్య కొంచెం సొంత చెలక, మరికొంత కౌలు కలిపి పత్తి, మిర్చి వేస్తాడు. తల్లి చిలుకమ్మ అంగడిలో కూరగాయలమ్ముతుంది. సర్కారు గురుకులంలో చదివి, ఎంసెట్‌లో ఒక మాదిరి ర్యాంకు తెచ్చుకుని, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద మా దగ్గర చేరింది. నాలుగేళ్లు నా క్లాసుల్లో మూడో బెంచీలో కూర్చుంది. హాజరు పలకడానికి తప్ప నోరు తెరిచిన గుర్తు నాకు లేదు. చివరి ఏడాది క్యాంపస్‌కు వచ్చిన కంపెనీ వాళ్లు గడగడా మాట్లాడే నలుగురిని ఏరుకుని, మా చైర్మన్ గారితో ఫోటో దిగి వెళ్లిపోయారు. ఆ ఫోటో ఇప్పటికీ గేటు మీద వేలాడుతోంది.

తేజస్విని ఇంట్లో కూర్చోలేదు. మహబూబాబాద్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు దవాఖానలో ఓపీ రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో చేరింది. వచ్చిన రోగి పేరు, వయసు, ఫోన్ నంబరు కంప్యూటర్‌లో ఎక్కించి చీటీ చేతికివ్వడం ఆమె పని. 'బీటెక్ చేసి చీటీలు రాస్తుందట' అని ఊళ్లో జాలిపడ్డవాళ్లకు కొదవలేదు. జాలికి ఖర్చేం లేదు గదా.

రాజేశ్ కంపెనీలో జూనియర్ టెస్టర్ ఖాళీలు పడ్డాయని ఎక్కడో చూసి, ఒక శనివారం నా దగ్గరికి వచ్చింది. వస్తూ ఉత్తరం రాసి తెచ్చింది. 'మహోన్నతులైన రాజేశ్ సార్ గారి పాదపద్మములకు' అన్న పద్ధతిలో ఇంగ్లీషులో ఒక పేజీ. నిరుపేద రైతు కుటుంబం, కష్టాలు, కన్నీళ్లు, మీ దయతో మా బతుకు బాగుపడుతుంది అన్న హామీ. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది.

"ఇది కొలువు కోసం రాసినవా, పింఛన్ కోసం రాసినవా?" అన్నాను.

తల వంచుకుంది. "మహిపాల్ సార్‌ది పంపుదమంటే నాకు నాయకత్వ లక్షణాలు లేవు సార్. గందుకని నేనే రాసుకున్న."

"అది డబ్బా. ఇది బిచ్చం. రెండిట్లోనూ నువ్వు లేవు. నీ గురించి రెండే రెండు వాక్యాలు చెప్పు."

"నాకేమున్నది సార్ చెప్పనీకి?"

మా ప్రాంతంలో ఇదొక జబ్బు. నోరు తెరిస్తే కోతలు, లేకపోతే 'నాకేమున్నది'. ఈ రెండిటి మధ్య ఒక మామూలు మనిషి ఉంటాడని, ఆ మనిషి ఏదో ఒక పని చేసి ఉంటాడని ఎవరికీ తోచదు. నాకు కోపం వచ్చి, ఆ దవాఖానలో పొద్దున కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఏం చేస్తావో ఒక్కొక్కటే చెప్పమన్నాను. చెప్పింది. పేరు, వయసు, చీటీ, పేరు, వయసు, చీటీ. ఎప్పుడైనా తిట్లు పడ్డాయా అని అడిగాను. అప్పుడు మొహంలో కదలిక వచ్చింది.

"పడ్డయి సార్. నెలల పిల్లకు ఏడాది వయసని చీటీల ఎట్ల వడ్డదని పిల్లల డాక్టరు లేసిండు. నేనేం జేద్దు? సాఫ్ట్‌వేర్ల వయసు సున్నా అని కొడ్తే తీసుకోదు. 'ఒకటి వెయ్, పనైతది' అని పక్క సీటామె మొదట్లనే చెప్పింది. అందరు గట్లనే వేస్తున్నరు."

"మరి నువ్వేం చేసినవ్?"

"రోగుల పేర్లు కనవడకుంట తెర ఫోటో తీసి, ఏమేం నొక్కితే ఏమైతుందో వరుసగ రాసి, గా సాఫ్ట్‌వేర్ కంపెనీకి మెయిల్ పెట్టిన. కొన్ని దినాలకు నెలల డబ్బా ఒకటి కొత్తగ పెట్టిండ్రు. ఇంకోటి కూడ రాసిన సార్. ఒక్క ఫోన్ నంబరు మీద ఇంట్ల రెండో మనిషిని ఎక్కిస్తే మొదటి మనిషి పేరు పోతుండె. గదీ సరిజేసిండ్రు."

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. టెస్టింగ్ అంటే అదే కదా అమ్మా, అని అరిచినంత పని చేశాను. ఈ పిల్ల ఏడాదిగా చేస్తున్న పని పేరేమిటో నాలుగేళ్లు మేం చెప్పిన చదువు ఆమెకు చెప్పలేదు. మా చదువు గురించి ఇంకేం చెప్పమంటారు!

మెయిల్ ఇంగ్లీషులోనే రాశాం. ఏ ఉద్యోగానికో దాని పేరూ నంబరూ పైన, అంశం దగ్గర పెట్టాం. రాజేశ్ అడ్రసు ఎవరిచ్చారో ఒక ముక్క రాశాం. ఇక ఆమె గురించిన రెండు వాక్యాలు తెలుగులో చెప్తే ఇవి:

'నేను 2024లో మన కాలేజీలో సీఎస్ఈ పూర్తి చేసి, ఏడాదిగా మహబూబాబాద్‌లోని ఒక దవాఖానలో ఓపీ రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను, అక్కడి సాఫ్ట్‌వేర్‌లో నాకు కనిపించిన మూడు లోపాలను దాన్ని తయారుచేసిన వాళ్లకు రాసి పంపితే రెండు సరిచేశారు, మూడోది నా పొరపాటేనని తేలింది. టెస్టింగ్ సొంతంగా నేర్చుకుంటున్నాను, ఆటోమేషన్ ఇప్పుడే మొదలుపెట్టాను.'

ఆ మూడోదాని దగ్గర నాకూ ఆమెకూ గొడవైంది. చీటీ మీద తేదీ తప్పు పడుతోందని ఆమె కంపెనీకి రాసిందట. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్‌లో ఏమీ లేదు, ఆ కౌంటర్ కంప్యూటర్‌లోనే తేదీ తప్పుగా ఉంది. ఆమె చూసుకోలేదు. అది తీసేసి రెండు లోపాలు, రెండూ సరిచేశారు అని రాయమన్నాను. కోతలను ఈసడించుకునే నాకు కూడా కొంచెం పాలిష్ పెట్టాలనిపించింది.

"ఆయన మూడోది ఉన్నదా అని అడగడు గదా," అన్నాను.

"అడగడు సార్. కాని మూడు రాసిన, రెండే నిలవడ్డయి. రెండే రాసిన్నంటే నేను రాసినవన్ని కరెక్టే అన్నట్టయితది."

ఆమె చెప్పినట్టే మూడూ ఉంచాం. కింద ఆ ఉద్యోగం లింకు, రెజ్యూమె పెట్టి, 'సరిపోతాననిపిస్తేనే రెఫర్ చేయండి, వీలుకాకపోతే ఏమీ అనుకోను' అని ముగించాం. ముందే సొంతంగా దరఖాస్తు పెట్టొద్దని కూడా చెప్పాను. చాలా కంపెనీల్లో ఒకసారి మన పేరు పోర్టల్‌లో ఎక్కితే తర్వాత రెఫరల్ అతకదు. మరో పది రోజుల్లో గడువు ముగుస్తుంది. ఆ లోపల రాజేశ్ పేరు పెడితే పెట్టినట్టు, లేకపోతే మళ్లీ కౌంటర్, మళ్లీ చీటీలు.

ఇక్కడే మా కాలేజీ తన ఘనత చూపించింది. పాత విద్యార్థులకు ఎవరు మెయిల్ పంపినా దాని నకలు ప్లేస్‌మెంట్ సెల్‌కు పెట్టాలని మహిపాల్ సారు రూలు. కాలేజీ పరువు కోసమట. రూలు పాటించే పిల్ల కాబట్టి తేజస్విని నకలు పెట్టింది.

మహిపాల్ సారు జీవితంలో మొదటిసారి ఒక మెయిల్ పూర్తిగా చదివాడు. ఆయనకు నచ్చింది. నచ్చితే ఏం చేస్తాడు? గ్రూపులో పెట్టాడు. 'బ్రహ్మాండంగా ఉన్నది. అందరూ ఇదే ఫార్మాట్‌లో రాజేశ్ గారికి పంపండి. పేరు మార్చుకోవడం మరువకండి' అని కింద సూచన. పైగా కొంచెం మెరుగుపెట్టాడు. కౌంటర్ అన్నచోట 'వైద్య సాంకేతిక విభాగం' అయింది. మూడు లోపాలు 'మూడు కీలక లోపాలు' అయ్యాయి. పొరపాటు ఎగిరిపోయి మూడూ సరిచేశారు. పరీక్షలను ప్రోగ్రాముతో నడిపించే ఆటోమేషన్‌లో నైపుణ్యం కూడా ఉచితంగా వచ్చి చేరింది.

నేను గ్రూపు చూసేసరికి పదకొండు మంది పంపేశారు. పేరు మార్చారు, ఊరు మార్చలేదు. మహబూబాబాద్ ఎటు ఉందో తెలియని వాళ్లు కూడా అక్కడి దవాఖానలో ఏడాదిగా పనిచేస్తున్నారు! పరుగెత్తుకుంటూ వెళ్లి అడిగితే మహిపాల్ సారు నన్ను వింతగా చూశాడు.

"మంచిది ఒక్కరి దగ్గర్నే ఎందుకుండాలె నరేందర్? నలుగురికి పంచాలె. నీకు జర స్వార్థం ఎక్కువైంది."

ఈ మనిషికి ఏం చెప్పి ఏం లాభం. రాజేశ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండో రోజు, మూడో రోజు కూడా ఎత్తలేదు. తర్వాత ఒక మెసేజ్ పెట్టాడు: 'మీ కాలేజోళ్లకు సిగ్గులేదు. ఇక ఎవ్వరినీ పంపకు.' మన కాలేజీ అనే మాట కూడా పోయింది, మీ కాలేజీ అయ్యింది. తేజస్వినికి ఈ సంగతి చెప్పడానికి ఫోన్ చేశాను. ఆమెకు అప్పటికే తెలుసు, ఆమె కూడా ఆ గ్రూపులో ఉంది.

"సార్, ఇప్పుడు నేను కూడ కాపీ కొట్టినదాన్నే గదా ఆయన లెక్కల?" అంది. నాకు మహిపాల్ సారును ఆ ఏసీ గదిలోనే పెట్టి తాళం వేయాలనిపించింది.

గడువు దగ్గరపడుతుండగా ఆదివారం రాజేశ్ వాళ్ల నాన్న రిటైర్మెంటు దావత్ వచ్చింది. ఫోన్ ఎత్తనివాడు ఇంటికొస్తే బయటికి గెంటడు గదా అని హనుమకొండ మీదుగా బస్సులో భూపాలపల్లి వెళ్లాను. క్వార్టర్ల ముందు షామియానా, మటన్ వాసన, బావి దోస్తులు. రాజేశ్ నన్ను చూసి, తిండి పెట్టించి, అప్పుడు మొదలుపెట్టాడు.

"అరే నరేందర్, మీ పోరగాండ్లు ఏం తింటున్నర్రా? ఆగు, సదువుత ఇను."

ఫోన్ తీసి చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేటట్టు ఒక్కో మెయిల్ చదివి తెలుగులో చెప్పాడు. మహబూబాబాద్, దవాఖాన, మూడు కీలక లోపాలు. మళ్లీ దవాఖాన, మూడు కీలక లోపాలు. అందరూ పడీపడీ నవ్వుతున్నారు. వాళ్లమ్మ రాజమణి గిన్నె పట్టుకుని నిలబడి వింది.

"గిందరు ఒక్క కుర్చీల ఎట్ల కూసుంటర్రా బిడ్డా?" అంది. షామియానా ఎగిరిపోయేలా నవ్వారు.

"అందుల ఒకామె నిజంగనే కూసుంటది," అన్నాను.

"ఎవ్వలు? అందరు గదే చెప్తున్నరు గదా!"

"నేను పేరు చెప్పను. చెప్తే ఆమెను నేను ముందటికి నూకుతున్న అంటవ్. కింది దాకా సదువు, నీకే తెలుస్తది."

విసుక్కుంటూనే చదివాడు. వెక్కిరిస్తూ నాలుగు దాటాడు, ఐదు దాటాడు. అన్నిటికంటే ముందు వచ్చింది అన్నిటికంటే అడుగున ఉంది. అది కూడా అదే గొంతుతో మొదలుపెట్టాడు. 'రెండు సరిచేశారు, మూడోది నా పొరపాటేనని...' అన్నచోట ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు, ఈసారి మనసులో. మిగతావి ఒక్కొక్కటి తెరిచి అదే చోట చూశాడు.

"ఈ ముక్క ఎవ్వలు కాపీ కొట్టలేదురా!" అన్నాడు. "పదకొండు మందిల ఒక్కడన్న తన తప్పును కాపీ కొట్టలే."

"మా ప్లేస్‌మెంట్ సారు ముందే కడిగి పెట్టిండు," అన్నాను. "పొరపాటు మెయిల్ల ఉంటే కాలేజీ పరువు పోతదట."

రాజేశ్ రెజ్యూమెలో ఉన్న నంబరుకు అక్కడే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. ఆదివారం కూడా ఆమె డ్యూటీలోనే ఉంది. వెనక పిల్లల ఏడుపు, ఎవరో చీటీ కోసం కేకలు. వీడు పేరు, కంపెనీ చెప్పాడు.

"నమస్తే సార్. జర ఆగుండ్రి, ముంగట జొరమొచ్చిన పిల్లగాడున్నడు, చీటీ ఇచ్చి మాట్లాడుత," అని ఫోన్ పక్కన పెట్టేసింది.

వీడు అక్కడున్న అందరి ముందు ఫోన్ పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. కాసేపటికి ఆమె వచ్చింది.

"మూడోది ఏందమ్మా?" అని అడిగాడు.

ఆమె సిగ్గుపడుతూ తేదీ కథ చెప్పింది. తప్పు తనదని తెలిశాక ఏం చేసిందని అడిగాడు. కంపెనీ వాళ్లకు మళ్లీ రాసిందట, నా వల్ల మీ టైం ఖరాబైంది, మన్నించండని. అప్పటి నుంచి ఏదైనా రాసే ముందు పక్క కంప్యూటర్‌లో కూడా అదే తప్పు వస్తుందేమో చూసి మరీ రాస్తోందట.

"ఆటోమేషన్ ఎంతవరకు వచ్చు?"

"లాగిన్ పేజీ ఒక్కటే నడిపియ్యగలుగుత సార్. అంతకు మించి రాదు."

"సరే. సొంతంగ ఏడన్న అప్లై చేసినవా?"

"లేదు సార్. మీరు ఇయ్యనంటే అప్పుడు చేద్దమనుకున్న."

ఆ రాత్రే లాప్‌టాప్ తీసి పోర్టల్‌లో ఆమె పేరు ఎక్కించాడు. అభ్యర్థి మీకెలా తెలుసు అని ఒక ప్రశ్న ఉంటుంది. స్నేహితులు, పాత సహోద్యోగి, ఇలాంటివి మనవాళ్లు కళ్లు మూసుకుని నొక్కేస్తారు. వీడు వ్యక్తిగత పరిచయం లేదని నొక్కి, తను పడ్డ పొరపాటును తనే చెప్పిందని, లోపాలను వరుసగా రాయడం వచ్చని, మిగతాది మీరు పరీక్షించుకోండని రాశాడు. ఇంత నిజం ఆ డబ్బాలో ఎప్పుడైనా పడిందో లేదో నాకు అనుమానమే.

తర్వాత రాత పరీక్ష జరిగింది, రెండు ఇంటర్వ్యూలు జరిగాయి. వాటిలో రాజేశ్ పాత్ర లేదు, నా పాత్ర అసలే లేదు. ట్రెయినీ టెస్టర్‌గా తీసుకుంటున్నట్టు కాగితం వచ్చింది. ఆ రోజు చిలుకమ్మ అంగడిలో మిగిలిన టమాటాలన్నీ ఊరికే పంచిపెట్టిందని విని, ఎవ్వరి మీదా చిరాకుపడకుండా నేను గడిపిన సాయంత్రం అదొక్కటే.

మర్నాడు మామూలు మనిషినయ్యాను, ఎందుకంటే మహిపాల్ సారు ఫ్లెక్సీ వేయిస్తున్నాడు. 'మా ప్లేస్‌మెంట్ సెల్ శిక్షణ ఫలితం' అని పెద్ద అక్షరాలు, మధ్యలో చైర్మన్ గారు, పక్కన మహిపాల్ సారు, కింద మూలలో తేజస్వినికి కొంచెం జాగా. ఆమె సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వస్తే ఆ గదిలోకి పిలిపించాడు. నేనూ వెంట వెళ్లాను, వినోదం వదులుకోవడమెందుకని.

"మంచి ఫోటో ఒకటి ఇయ్యమ్మా. కోటేసుకున్నది ఉన్నదా?"

"సార్, మీరు మెయిల్ పంపిచ్చిన పదకొండు మంది సంగతేంది?" అంది తేజస్విని. "రాజేశన్న వాళ్లందర్ని పక్కకు పెట్టిండు. గడువు కూడ అయిపోయింది. వాళ్లల్ల అక్షయ నా దోస్తే. నాతోటి మాట్లాడ్తలేదు."

"వాళ్లదేం తప్పమ్మా, అదృష్టం లేదు. ఇంకో కంపెనీకి ఇంకో ఫార్మాట్ చేసిస్త."

"ఫార్మాట్ వద్దు సార్. ఒక్కొక్కల్లను కూసుండవెట్టి, ఏం పని చేస్తున్నవని అడుగుండ్రి. నరేందర్ సార్ నన్ను తిట్టి తిట్టి అడిగినంకనే నాకు రెండు మాటలు దొరికినయి."

మహిపాల్ సారు నవ్వాడు. నిజంగానే, చెడ్డబుద్ధి ఏమీ లేకుండా, ఏసీ చల్లదనంలో హాయిగా నవ్వాడు.

"వాళ్లేం పని చేస్తరమ్మా! కూలీలకు పోయేటోళ్లు, దుకాణాలల్ల కూసునేటోళ్లు. వాళ్లకేముంటదని అడగాలె?"

నాకు నోటిదాకా వచ్చిన మాట ఉద్యోగం పోగొట్టేది కాబట్టి మింగాను. తేజస్విని మాత్రం ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గదిలో విద్యార్థులు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఫోటో కావాల్నా సార్ మీకు?"

"కావాలె మరి, ప్రింటింగోడు ఆగిండు."

"అయితే వాళ్ల నంబర్లు ఇయ్యుండ్రి. పదకొండు మందియి. నేనే అడుగుత. అందరివి రాసుకున్నంకనే ఫోటో ఇస్త."

మహిపాల్ సారు నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను. ప్రింటింగ్ షాపు నుంచి ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. చివరికి గ్రూపు తెరిచి, అక్షయ నంబరుతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే చెప్పసాగాడు.